కేసు ముగిశాక ఫిర్యాదు చేసినావిడను ఎలా పలకరిస్తూ ఉండాలి: కక్షసాధింపును మొదట్లోనే పట్టుకునే పద్ధతి

లైంగిక వేధింపు ఫిర్యాదు మీద అంతర్గత కమిటీ రిపోర్టు ఇచ్చింది. యాజమాన్యం చర్య తీసుకుంది. హెచ్ఆర్ ఫైలు మూసి బీరువాలో పెట్టింది. ఫిర్యాదు చేసినావిడకు మాత్రం చాలాసార్లు అసలు చిక్కు ఆ మర్నాటి నుంచే మొదలవుతుంది. విచారణ నడిచినన్నాళ్లూ అందరి కళ్లూ ఉంటాయి కాబట్టి ఎవరూ తొందరపడరు. ఫైలు మూతపడ్డాక చూసేవాళ్లు ఉండరు. నైట్ షిఫ్టులు రెండు ఎక్కువ పడతాయి, మీటింగుకి పిలుపు రాదు, అప్రైజల్‌లో ఒక మెట్టు తగ్గుతుంది. ఒక్కోటీ చూస్తే చిన్నదే, అడిగితే ప్రతిదానికీ ఒక సాకు ఉంటుంది.

ఇది పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 నాటి పోష్ చట్టం కింద అంతర్గత కమిటీ ఉన్న ఆఫీసుల్లో హెచ్ఆర్ వాళ్ల కోసం, కమిటీ సభ్యుల కోసం రాసింది. రిపోర్టు ఇవ్వడంతో విచారణలో కమిటీ పాత్ర దాదాపు ముగిసినట్టే. ఆ తర్వాత కూడా పనిచేసే చోటు సురక్షితంగా ఉంచాల్సిన బాధ్యత 19వ సెక్షన్ ప్రకారం యజమానిదే. అయితే ‘ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధిస్తే ఇదీ శిక్ష’ అని విడిగా చెప్పే సెక్షన్ ఈ చట్టంలో లేదు. సుప్రీంకోర్టు 1997 విశాఖ తీర్పులో బాధితురాలినీ సాక్షులనూ వేధింపులకు గురిచేయకూడదని ఉంది. కాలేజీలు, యూనివర్సిటీల కోసం 2015లో యూజీసీ తెచ్చిన నిబంధనల్లో కక్షసాధింపును స్పష్టంగా నిషేధించారు. ప్రైవేటు ఆఫీసులో మాత్రం ఆ మాట మీ పాలసీలో రాసి ఉండాలి, కేసు ముగిస్తూ ప్రతివాదికి, అంటే ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో ఆ వ్యక్తికి, ఇచ్చే లేఖలోనూ ఉండాలి. లేకపోతే రేపు ఎవరినైనా నిలదీయాల్సి వస్తే మీ చేతిలో కాగితం ఉండదు. లేఖలో రెండు వాక్యాలు చాలు: ‘ఫిర్యాదు చేసినందుకు గానీ, సాక్ష్యం చెప్పినందుకు గానీ ఎవరి పని, జీతం, షిఫ్టు, గౌరవం దెబ్బతినేలా ప్రవర్తించినా అది విడిగా క్రమశిక్షణ ఉల్లంఘన అవుతుంది. మీ తరఫున వేరొకరు చేసినా అంతే.’ రెండో వాక్యం వదలకండి. కక్ష సాధించేది ఎక్కువగా ప్రతివాది కాదు, అతని స్నేహితులు.

ముందు ఒక పేజీ రాసుకోండి

మూడు నెలల తర్వాత ‘నాకు ఎక్కువ నైట్లు వేస్తున్నారు’ అని ఆవిడ అంటే, ఎక్కువ అంటే దేనికన్నా ఎక్కువ? అంతకు ముందు ఎన్ని ఉండేవో ఎక్కడా రాసి లేకపోతే వాదన అక్కడే ఆగిపోతుంది. అందుకే ఫైలు మూసేలోపే ఆవిడ పని పరిస్థితి మొత్తం ఒక పేజీలో దింపాలి.

అందులో ఉండాల్సినవి ఇవి: నెలకు ఎన్ని నైట్ షిఫ్టులు, ఎన్ని వారాంతాలు, ఎవరికి రిపోర్ట్ చేస్తారు, అప్రైజల్ ఎవరు రాస్తారు, గత రెండు అప్రైజళ్లలో వచ్చిన రేటింగ్, ఏ ప్రాజెక్టులు, ఏ క్లయింట్ కాల్స్, ఇన్సెంటివ్ సగటున ఎంత, సెలవు అడిగితే ఎన్నిసార్లు ఇచ్చారు, ఎన్నిసార్లు కాదన్నారు, రోజూ జరిగే మీటింగులు, ఆఫీసు వాట్సాప్ గ్రూపులు, ఆఫీసు క్యాబ్ ఉంటే ఏ రూటు, ఎన్నో డ్రాప్.

ఈ పేజీ కోసం తీసుకునే నెలలు ఫిర్యాదుకు ముందువి కావాలి. కేసు మూసే ముందువి కాదు. ఇది చాలామంది చేసే పొరపాటు. విచారణ నడిచిన నెలల్లో ఆవిడ సెలవులో ఉండి ఉండవచ్చు, లేదా టీమ్ మార్చి ఉండవచ్చు, లేదా వేధింపు వల్లే పని తగ్గి ఉండవచ్చు. ఆ వంకర లెక్కను కొలబద్దగా పెట్టుకుంటే తర్వాత జరిగే అన్యాయం కూడా మామూలుగానే కనిపిస్తుంది. ఫిర్యాదు ఫిబ్రవరిలో వచ్చిందనుకోండి, వేధింపు డిసెంబరులో మొదలైందనుకోండి. అప్పుడు సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు లెక్కలు తీయండి.

సాక్షులకు కూడా ఇలాగే రాసి పెట్టుకోవాలి. వాళ్లకు అర పేజీ చాలు.

విచారణతో పాటే ఆగిపోయే రక్షణలు

పైకి కనిపించని గొయ్యి ఇక్కడుంది. 12వ సెక్షన్ కింద ఆవిడ రాతపూర్వకంగా అడిగితే ఇచ్చే బదిలీ, మూడు నెలల వరకు సెలవు, అలాగే ఈ చట్టం నిబంధనల్లో 8వది చెప్పే ‘ప్రతివాది ఆవిడ పనితీరు మీద రిపోర్టు రాయకూడదు’ అనే ఆంక్ష, ఇవన్నీ విచారణ నడుస్తున్న కాలానికే. విచారణ అయిపోగానే అవీ అయిపోతాయి. ప్రతివాది ఆవిడ పైఅధికారి అయి, హెచ్చరికతో అదే కుర్చీలో కొనసాగితే, ఎవరూ ఏ తప్పూ చేయకుండానే వచ్చే అప్రైజల్ సిస్టమ్ నుంచి నేరుగా అతని లాగిన్‌లోకి వెళ్లి కూర్చుంటుంది.

కాబట్టి కేసు ముగించే రోజునే రెండు పనులు చేయించండి. ఒకటి, ఆవిడ అప్రైజల్, సెలవు మంజూరు, రోస్టర్ వేరొకరి పేరు మీదకు మారుస్తూ యాజమాన్యం తరఫున కొత్త ఉత్తర్వు. దాని కాలం కనీసం వచ్చే అప్రైజల్ పూర్తయ్యేదాకా ఉండాలి. రెండు, హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఆ మార్పు నిజంగా జరిగిందో లేదో తెర మీద చూసుకోవడం. ఉత్తర్వు ఇచ్చి సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టింగ్ మేనేజర్ పేరు మార్చడం మరిచిపోతే ఉత్తర్వు ఉన్నా లేనట్టే.

12వ సెక్షన్ సెలవు వాడుకుంటే ఇంకో చిక్కు. ఆ సెలవు ఆవిడకు మామూలుగా రావాల్సిన సెలవులకు అదనం. కానీ ఇన్సెంటివ్ లెక్కేసే షీటుకు ఆ సంగతి తెలియదు. అది హాజరు శాతం చూసి కోత పెడుతుంది. అక్కడ కక్ష ఎవరికీ లేకపోవచ్చు, ఆవిడకు పోయే డబ్బు మాత్రం నిజం. మొదటి జీతం స్లిప్పు మీరే చూడండి.

ఎవరు పలకరించాలి, ఎక్కడ

మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి పలకరించాలి. ఆవిడ మేనేజరు కాకూడదు. ప్రతివాదితో కలిసి పనిచేసేవాళ్లు, ఒకే క్యాబ్‌లో వచ్చేవాళ్లు, ఒకే బ్యాచ్‌లో చేరినవాళ్లు కూడా వద్దు. విచారణలో కూర్చున్న కమిటీ సభ్యురాలైతే ఆవిడ కథంతా మళ్లీ చెప్పుకోవాల్సిన పని ఉండదు. అయితే విచారణలో ఏ సభ్యురాలి ప్రశ్నలకు ఆవిడ నొచ్చుకున్నారో గమనించండి. ఆ సభ్యురాలిని పెడితే ఫోన్ ఎత్తుతారు గానీ ఏమీ చెప్పరు. నేరుగా అడిగితే సరిపోతుంది: ‘ఇకమీదట మీతో ఎవరు మాట్లాడితే మీకు ఇబ్బంది లేకుండా ఉంటుంది మేడమ్?’ రెండో మనిషిగా కమిటీలోని బయటి సభ్యురాలి నంబరు ఇవ్వండి. హెచ్ఆర్ మీదే అనుమానం ఉంటే ఆవిడకు వెళ్లడానికి ఒక దారి ఉండాలి.

ఎలా మాట్లాడాలో కూడా ఆవిడే చెప్పాలి. సొంత ఫోనా, ఆఫీసు మెయిలా, ఏ సమయం, ఇంట్లోవాళ్లకు తెలుసా లేదా. ఇంట్లో చెప్పకుండా ఫిర్యాదు చేసినవాళ్లు ఉంటారు. సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి ‘ఆ కేసు గురించి మేడమ్’ అని మొదలుపెడితే పక్కన అత్తగారు ఉండొచ్చు.

క్యాలెండర్‌తో జాగ్రత్త. ‘పోష్ ఫాలో అప్’ అని పేరు పెట్టి మీటింగ్ పంపితే, క్యాలెండర్ అందరికీ కనిపించే ఆఫీసులో ఆ ఒక్క పేరుతో గుట్టు రట్టవుతుంది. ఫిర్యాదు చేసినవారి గుర్తింపు బయటపెట్టకూడదని 16వ సెక్షన్ చెబుతుంది. దాన్ని మీరిన వారి నుంచి 5,000 రూపాయలు వసూలు చేయాలని నిబంధనల్లో ఉంది. కలిసేటప్పుడు అద్దాల క్యాబిన్ వద్దు. హెచ్ఆర్ గదిలోకి ఆవిడ నెలకోసారి వెళ్లి తలుపేసుకుంటుంటే మూడోసారికి ఫ్లోర్ అంతా గుసగుసలే. ఫోనే మేలు. తప్పనిసరిగా కలవాలంటే వేరే అంతస్తులో, అందరూ వెళ్లే పని ఏదో ఒకటి ఉన్న చోట కలవండి.

తేదీలు

చర్య అమలైన రోజు నుంచి లెక్కపెట్టండి. రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు. రిపోర్టు అందాక చర్య తీసుకోవడానికి యజమానికి 60 రోజుల గడువు ఉంది కాబట్టి రెంటి మధ్య రెండు నెలల తేడా రావచ్చు. ఆ మధ్య కాలంలో కనీసం రెండు వారాలకోసారి పలకరించండి. ఎందుకంటే రిపోర్టులో ఏముందో ప్రతివాదికి అప్పటికే తెలుసు, శిక్ష ఇంకా పడలేదు. మాట మార్పించడానికి, రాజీకి ఒత్తిడి తేవడానికి, ‘నా పిల్లల మొహం చూడండి’ అని మధ్యవర్తుల్ని పంపడానికి అదే సమయం.

చర్య అమలయ్యాక ఒక వారానికి, నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మాట్లాడండి. సిఫార్సుల మీద అప్పీలుకు వెళ్లడానికి ఇరువైపులా 90 రోజుల గడువు ఉంది. అది దాటేదాకా ప్రతివాది జాగ్రత్తగానే ఉంటాడు, దాటాక చేతులు స్వేచ్ఛగా ఆడతాయి. మూడో నెల తర్వాత అంతా సర్దుకుందని వదిలేయకూడదన్నది అందుకే.

ఈ నాలుగు తేదీల కన్నా కూడా ఎక్కువ దొరికేది సందర్భాల దగ్గర. కొత్త నెల రోస్టర్ వచ్చిన రోజు, అప్రైజల్ రేటింగ్ బయటపడే వారం, ఇంక్రిమెంట్ లెటర్లు ఇచ్చే రోజు, కాంట్రాక్టు రెన్యువల్, ప్రతివాది సస్పెన్షన్ ముగించుకుని తిరిగొచ్చే రోజు, ఆవిడ మేనేజర్ మారిన రోజు. ఇవి మీ క్యాలెండర్‌లో ముందే రాసుకోండి, మీకు మాత్రమే అర్థమయ్యే గుర్తుతో. ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్లు ఇచ్చే ఆఫీసులో ఆగస్టులో ముగిసిన కేసుకు ఆరో నెల ఫిబ్రవరిలోనే అయిపోతుంది. అసలు దెబ్బ పడేది ఏప్రిల్‌లో. అలాంటప్పుడు పలకరింపు మే దాకా పొడిగించాలి.

ఏమడగాలి

‘అంతా బాగానే ఉందా?’ అని అడిగితే ‘ఆఁ, బాగానే ఉందండీ’ అనే వస్తుంది. అది జవాబు కాదు, మర్యాద. ఇంకా గొడవ పెంచుకుంటున్నదని అనుకుంటారేమోనని భయం ఒకవైపు, ఇది కక్షో కాదో తనకే నమ్మకం లేకపోవడం ఇంకోవైపు. ‘కక్ష సాధిస్తున్నారా?’ అని అడగడం మరీ తప్పు. ఆ మాటకు అవునంటే మళ్లీ ఒక ఫిర్యాదు చేసినట్టేనని ఆవిడకు తెలుసు.

కాబట్టి జరిగినవాటి గురించి అడగండి, అభిప్రాయం అడగకండి. ‘ఈ నెల మీకు ఏ షిఫ్టులు పడ్డాయి? రోస్టర్ ఎవరు వేశారు?’ ‘పోయిన వారం రివ్యూ మీటింగులో మీరున్నారా?’ ‘సెలవు ఏమైనా అడిగారా, ఏమన్నారు?’ ‘లంచ్‌కి ఎవరితో వెళ్తున్నారు ఇప్పుడు?’ ఈ చివరిదాన్ని చిన్నచూపు చూడకండి. ‘ఒక్కదాన్నే తింటున్నానండీ, పని ఎక్కువగా ఉంటోంది’ అన్న మాటలోనే వెలి మొదలైన సంగతి తెలిసిపోతుంది. వెలి వేయడం రికార్డులో కనపడదు. దాన్ని పట్టుకోవడానికి ఆవిడ మాట తప్ప ఇంకో ఆధారం ఉండదు.

చివర్లో ఒకటి అడగండి: ‘ఆ విషయం గురించి మీతో గానీ, మీ ఎదురుగా గానీ ఎవరైనా మాట్లాడారా?’ అక్కడ కాసేపు ఆగండి. ఆవిడ మౌనంగా ఉంటే మీరు మాట్లాడి దాన్ని నింపకండి. పది సెకన్లు ఫోన్‌లో చాలా పొడుగ్గా అనిపిస్తాయి, అయినా ఆగండి.

మొత్తం పది పదిహేను నిమిషాలకు మించకూడదు. జరిగిన వేధింపును మళ్లీ తవ్వకండి. మొదటి ఫోన్‌లోనే మీరేం చేయగలరో, ఏం చేయలేరో చెప్పేయండి: ‘మీరు చెప్పింది మీ మేనేజర్‌కు చెప్పే ముందు మిమ్మల్ని అడుగుతాను. కానీ ఎవరికైనా ప్రమాదం ఉందనిపిస్తే, లేదా మళ్లీ వేధింపు జరిగిందని తెలిస్తే, అది నా దగ్గరే పెట్టుకోలేను.’ ‘ఎవరికీ చెప్పను’ అని మాటిచ్చి తర్వాత చెప్పాల్సి వస్తే రెండో ఫోన్ ఆవిడ ఎత్తరు.

ఆవిడ చెప్పకపోయినా రికార్డు చెబుతుంది

పలకరించడానికి రెండు రోజుల ముందు రికార్డు తీయండి. ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఒక కస్టమర్ సపోర్ట్ ఆఫీసు, పన్నెండు మంది టీమ్. నెలకు 24 రాత్రులు, రాత్రికి నలుగురు కావాలి. అంటే 96 నైట్లు, తలకు 8. ఫిర్యాదుకు ముందు మూడు నెలల్లో ఆవిడకు పడినవి 8, 7, 9. కమిటీ రిపోర్టుతో సీనియర్ ఒకరికి రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి వేరే ఫ్లోర్‌కు మార్చారు. చర్య అమలైంది జూన్ 10న. రోస్టర్ వేసేది టీమ్ లీడ్. ఆ సీనియర్‌తో ఒకే బ్యాచ్‌లో చేరినవాడు.

జూన్ 17న, జూలై 10న మాట్లాడినప్పుడు ఏమీ తేలలేదు. జూలైలో నైట్లు 8. సెప్టెంబరు 8న రికార్డు తీస్తే ఆగస్టులో 13, సెప్టెంబరు రోస్టర్‌లో 14. ఆగస్టులో మిగతా పదకొండు మందికి కలిపి 83, అంటే ఒక్కొక్కరికి ఏడున్నర. నిజానికి ఆగస్టు రోస్టర్ వచ్చిన రోజే చూసి ఉంటే నెల ముందే దొరికేది.

ఇది చూడగానే టీమ్ లీడ్ దగ్గరకు పరుగెత్తకూడదు. ముందు వేరే కారణం ఉందేమో వెతకాలి. టీమ్‌లో ఎవరైనా మానేశారా? లేదు, ఆగస్టులోనూ పన్నెండు మందే. ఆవిడే అడిగారా? నైట్ అలవెన్స్ కోసం అడిగేవాళ్లు ఉంటారు, ఆ కోణం వదలకూడదు. రోస్టర్ సాఫ్ట్‌వేర్‌లో అభ్యర్థనలు చూస్తే ఆవిడ నుంచి నైట్లు కావాలని ఒక్కటీ లేదు. పైగా షిఫ్టు మార్చుకోవడానికి మూడుసార్లు అడిగారు, మూడూ తిరస్కరించారు. అదే టీమ్‌లో మిగతావాళ్లు అడిగిన పదకొండులో తొమ్మిది ఒప్పుకున్నారు.

సెప్టెంబరు 10న ఫోన్‌లో ఆవిడ అన్న మాట: ‘నైట్లు అందరికీ ఎక్కువే ఉన్నట్టున్నాయి మేడమ్, పండగ సీజన్ కదా.’ ఆవిడ అబద్ధమాడలేదు. పక్కవాళ్ల రోస్టర్ ఆవిడకు కనిపించదు. అందుకే ఆవిడ మాట మీదే ఆధారపడకూడదు.

పోల్చేటప్పుడు నాలుగు సంగతులు చూస్తే చాలు. మార్పు ఫిర్యాదుకు ముందా, తర్వాతా? అదే పని చేసే మిగతావాళ్లకూ అలాగే జరిగిందా? నిర్ణయం తీసుకున్న మనిషికి ఫిర్యాదు సంగతి తెలుసా, లేదా తెలిసే అవకాశం ఉందా? చెబుతున్న కారణం ఆ సమయంలోనే ఎక్కడైనా రాసి ఉందా, లేక ఇప్పుడు అడిగితే పుట్టిందా?

ఇదే లెక్క అనుమానాన్ని తీసేయడానికీ పనికొస్తుంది. ఆవిడ రేటింగ్ 4 నుంచి 3కి పడిందనుకోండి. ఆ సంవత్సరం కంపెనీ 4లు తగ్గించింది, పన్నెండు మందిలో ఏడుగురికి అలాగే పడింది, కొత్త మేనేజర్‌కు కేసు సంగతే తెలియదు. అప్పుడు అది కక్ష కాదు. ఆ మాట ఆవిడకు లెక్కతో సహా చెప్పండి, ‘అలాంటిదేమీ లేదు లెండి’ అని తేల్చేయకండి. మిగతావాళ్ల పేర్లు మాత్రం చెప్పకూడదు.

రికార్డు అడిగేటప్పుడు ఒక్క మనిషి రికార్డు అడగకండి. ‘ఫలానా ఆవిడ రోస్టర్ పంపండి’ అన్న మెయిల్‌తోనే ఎవరి కేసో తెలిసిపోతుంది. మొత్తం ఫ్లోర్‌ది, ఆరు నెలలది తెప్పించుకుని మీరే వడపోసుకోండి.

తేలిన తర్వాత

మొదట నష్టం ఆపాలి, విచారణ తర్వాత. పై ఉదాహరణలో సెప్టెంబరు 10 నాటికి 14 నైట్లలో 5 అయిపోయాయి. మిగిలిన 9ని 3కి తగ్గిస్తే నెల మొత్తం 8కి వస్తుంది. అయితే ఆవిడ ఒక్కరి షిఫ్టులే మారిస్తే టీమ్ లీడ్‌కు ఎవరు ఫిర్యాదు చేశారో చెప్పినట్టే. అందుకని టీమ్ మొత్తం రోస్టర్‌ను ఆపరేషన్స్ చేత మళ్లీ వేయించి, ‘ఇకమీదట తలకు 7 నుంచి 9 నైట్లు, అంతకు మించితే ఆపరేషన్స్ అనుమతి కావాలి’ అని అందరికీ వర్తించే నియమం పెట్టించండి. ఇదంతా రెండు పని దినాల్లో జరగాలి. దీనికి ఆవిడ ఒప్పుకోలు ముందు తీసుకోండి. కొందరు ‘వద్దు మేడమ్, నేనే సర్దుకుంటాను’ అంటారు. అప్పుడు ఆవిడ పేరు రాకుండా నియమం ఎలా పెడతారో వివరించి, ఒక రోజు ఆలోచించుకోమనండి.

టీమ్ లీడ్‌తో మాట్లాడేటప్పుడు ‘కక్ష సాధిస్తున్నారా’ అని అడిగితే కాదనే అంటాడు, ఆ రాత్రికే స్నేహితుడికి ఫోన్ వెళ్తుంది. ‘గత మూడు నెలల రోస్టర్లలో నైట్లు ఏ ప్రకారం పంచారు? షిఫ్టు మార్పులు ఏ కారణంతో ఒప్పుకున్నారు, కాదన్నారు?’ అని టీమ్ మొత్తం మీద అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. ‘వాళ్లే నైట్లు అడిగారు’ అని రాస్తే అది సాఫ్ట్‌వేర్‌లోని రికార్డుకు పొసగదు. పొసగని ఆ జవాబే తర్వాత మీకు అసలు ఆధారం.

ఆ తర్వాత దారి ఏదన్నది జరిగినదాన్ని బట్టి. మళ్లీ లైంగిక స్వభావమున్న మాటో చేష్టో ఉంటే, లేదా ఉద్యోగానికి సంబంధించి బెదిరింపు, పనిచేయలేని శత్రు వాతావరణం ఆ వేధింపుతో ముడిపడి ఉంటే 3వ సెక్షన్ వర్తించవచ్చు. అది కమిటీకి కొత్త ఫిర్యాదుగా వెళ్లాలి. కేసు ముగిసిందని కమిటీ తోసిపుచ్చకూడదు. కమిటీకి వెళ్లాలంటే జరిగిన రోజు నుంచి మూడు నెలల గడువు ఉందని ఆవిడకు ఆ రోజే చెప్పండి. మీరు ‘చూద్దాం’ అంటూ గడిపితే ఆ గడువు మీ చేతిలోనే కరిగిపోతుంది. నైట్ షిఫ్టుల లాంటిదైతే పాలసీ కింద మామూలు క్రమశిక్షణ చర్య.

ఫిర్యాదు రుజువు కాలేదని కమిటీ తేల్చిన కేసుల్లో కూడా ఇదంతా చేయాలి, ఇంకా ఎక్కువగా చేయాలి. ‘రుజువు కాలేదు’ అన్న మాట ఫ్లోర్ మీద మర్నాటికి ‘అబద్ధమని తేలింది’ అయి కూర్చుంటుంది. రుజువు చేయలేకపోవడం ఒక్కటే ఫిర్యాదుదారు మీద చర్యకు కారణం కాదని 14వ సెక్షన్ చెబుతోంది. మేనేజర్లకు ఆ ఒక్క వాక్యం కేసు పేరెత్తకుండా, మామూలు పోష్ శిక్షణలో చెప్పించండి.

నోట్, ముగింపు, రాజీనామా

ప్రతి పలకరింపుకు నాలుగు వరుసలు రాయండి, అదే రోజు:

తేదీ, ఎలా మాట్లాడారు, ఎంతసేపు: 10 సెప్టెంబరు, సొంత ఫోన్, 12 నిమిషాలు.
ఆవిడ చెప్పినది, ఆవిడ మాటల్లోనే: నైట్లు అందరికీ ఎక్కువ ఉన్నట్టున్నాయి, లంచ్ ఒక్కరే.
రికార్డు: ఆగస్టు 13, సెప్టెంబరు 14, మిగతావారి సగటు ఏడున్నర.
చేయాల్సింది, ఎవరు, ఎప్పటికి: రోస్టర్ మళ్లీ వేయించడం, ఆపరేషన్స్, 12 సెప్టెంబరు.

ఈ నోట్ ఆవిడ పర్సనల్ ఫైల్లో పెట్టకండి. ఆ ఫైలు రేపు ఇంకో మేనేజర్ చేతికి వెళ్తుంది. కమిటీ రికార్డుతో పాటు, తాళం ఉన్న చోట ఉంచండి. ‘కంగారుగా ఉన్నారు’, ‘ఎక్కువ ఊహించుకుంటున్నారు’ లాంటి మీ అంచనాలు అందులో రాయకండి. రేపు ఈ కాగితం అప్పీలులో ఎవరి ముందుకైనా రావచ్చు.

ఆరు నెలలు, ఒక అప్రైజల్, ఒక ఇంక్రిమెంట్ దాటి, రికార్డు మొదటి పేజీతో సరిపోతే ఆపేయవచ్చు. ఆపే ముందు ఆవిడకు చెప్పి ఆపండి. ఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోతే తనను వదిలేశారనుకుంటారు.

మధ్యలో రాజీనామా వస్తే మామూలు ఎగ్జిట్ ఇంటర్వ్యూతో సరిపెట్టకండి. పలకరించే మనిషే మాట్లాడి, రాజీనామా లెటర్‌లో ‘వ్యక్తిగత కారణాలు’ అని ఎవరైనా రాయించారా అని అడగాలి. రిలీవింగ్ లెటర్, చివరి సెటిల్‌మెంట్ మిగతావాళ్లకు పట్టినన్ని రోజుల్లోనే రావాలి. కొత్త కంపెనీ నుంచి రిఫరెన్స్ ఫోన్ వస్తే జవాబు హెచ్ఆర్ ఒక్కరే ఇవ్వాలి: చేరిన తేదీ, వెళ్లిన తేదీ, హోదా. పాత మేనేజర్ ‘ఆవిడా... అబ్బో’ అని ఒక్క నిట్టూర్పు విడిచినా చాలు, ఆ ఉద్యోగం పోవడానికి.

ఏజెన్సీ ద్వారా వచ్చే హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ మహిళల విషయంలో ఈ రోస్టర్లూ అప్రైజళ్లూ ఏవీ ఉండవు. అక్కడ కక్ష ఒకే మాటలో ఉంటుంది: ‘రేపటి నుంచి రావద్దు.’ ఏజెన్సీ సూపర్‌వైజర్‌కు ఎవరో ఫోన్ చేస్తారు, ఆవిడను ఊరవతల ఇంకో సైటుకు పంపేస్తారు, కాగితం మీద అది మామూలు బదిలీ. కాబట్టి కేసు ముగిసిన రోజే ఏజెన్సీకి రాతపూర్వకంగా చెప్పండి: ఆరు నెలల పాటు మా సైటు నుంచి ఎవరినైనా మార్చాలంటే మాకు ముందుగా రాయాలి. ఎవరినైనా అంటేనే ఆవిడ ఒక్కరి మీదకు చూపు వెళ్లదు. గేటు దగ్గర హాజరు పుస్తకం వారానికోసారి చూడండి. ఆవిడ పేరు రెండు రోజులు వరసగా లేకపోతే ఏజెన్సీని కాదు, ముందు ఆవిడకే ఫోన్ చేయండి.